సంక్రాంతి బొమ్మల కొలువుకు మూడ్ బోర్డు – రెండో పాఠం: మన మెట్లు, మన బొమ్మలతో రెండు బోర్డులు

మొదటి పాఠంలో పింటరెస్ట్‌లో ఒక సీక్రెట్ బోర్డు తెరిచి, ఇంట్లోవాళ్లందరినీ అందులో చేర్చాం. ఎవరికి నచ్చిన కొలువు ఫొటోలు వాళ్లు అందులో దాచారు. ఇప్పుడు తెరిచి చూస్తే అన్నీ బాగానే ఉంటాయి కానీ ఒకదానితో ఒకటి పొసగవు. మన ఉదాహరణ ఇంట్లో అమ్మమ్మ కొండపల్లి దశావతారాలు, పసుపు గుమ్మాలు ఉన్న ఫొటోలు పెట్టింది. పెద్దమ్మాయి లేత గులాబీ తెరలు, సీరియల్ లైట్లు ఉన్నవి పెట్టింది. పదేళ్ల పిల్లాడు చంద్రయాన్ బొమ్మలు పెట్టాడు. వీటిలో ఏది కావాలని అడిగితే గొడవ తప్ప తేలేదేమీ ఉండదు. ఎందుకంటే అవన్నీ వేరేవాళ్ల హాల్లో, వేరేవాళ్ల బొమ్మలతో తీసిన ఫొటోలు. అందుకే ఈ పాఠంలో మన ఇంటి ఫొటోలతో రెండు మూడ్ బోర్డులు, అంటే రంగులూ వస్తువులూ కలిసి ఎలా ఉంటాయో ఒకేచోట చూపే ఫొటోల కూర్పులు తయారుచేసి, వాటి మధ్యే తేల్చుకుందాం.

ముందు ఫోన్ కెమెరాతో పని. కొలువు పెట్టే గోడను రాత్రిపూట, పేరంటం రోజు వెలిగించే లైట్లే వేసి ఫొటో తీయండి. పగటి ఫొటో పనికిరాదు, ఎందుకంటే పేరంటాలు జరిగేది సాయంత్రమే. పసుపు కాంతినిచ్చే బల్బు కింద లేత ఊదా గుడ్డ బూడిద రంగులోకి దిగిపోతుంది, తెల్ల గుడ్డ మీగడ రంగులో కనిపిస్తుంది. తరవాత మెట్లు. బీరువా పెట్టెలు పేర్చినా, ఇనుప స్టాండు బిగించినా సరే, ఈసారి ఎన్ని మెట్లు వేస్తారో అన్నీ పేర్చి ఒక ఫొటో. మెట్లు బేసి సంఖ్యలో ఉండాలన్న ఆనవాయితీ ఉన్న ఇళ్లలో, చోటు చాలక ఏడు కాస్తా అయిదయ్యే సంగతి ఇక్కడే బయటపడుతుంది. పండగ ముందు రోజు తెలిసేకంటే ఇప్పుడు తెలియడం మేలు.

ఇక అసలైన పరీక్ష. మీ దగ్గరున్న బొమ్మల్లో ఎక్కువగా ఉన్న రకంలోంచి ఒకటి తీసుకోండి. మెట్ల మీద పరవాలనుకున్న ప్రతి గుడ్డ మీదా దాన్నే పెట్టి, ఒకే దూరం నుంచి ఫొటో తీయండి. ఉదాహరణ ఇంట్లో హరిదాసు కొండపల్లి బొమ్మ తీసుకున్నాం. పెద్ద జరీ అంచు, బుటాలు ఉన్న పట్టుచీర మీద పెడితే హరిదాసు కనబడలేదు, బుటాల్లో కలిసిపోయాడు. కొండపల్లి బొమ్మలు చిన్నవి, పైగా వాటి మీదే ఎరుపు, పసుపు, ఆకుపచ్చ నిండుగా ఉంటాయి. కింద గుడ్డ కూడా రంగులమయమైతే కన్ను ఎక్కడ ఆగాలో తెలియదు. అదే ముదురు ఆకుపచ్చ సాదా నేత గుడ్డ మీద పెట్టినప్పుడు తల మీది అక్షయపాత్ర, చేతిలో చిడతలు కూడా స్పష్టంగా కనిపించాయి. ఏటికొప్పాక బొమ్మలైతే లక్క నునుపు వల్ల మెరుస్తాయి కాబట్టి మెరుపు లేని నూలు గుడ్డ మీద ఇంకా బాగుంటాయి. పట్టుచీరే కావాలని పెద్దవాళ్లు పట్టుబడితే దాన్ని వెనక తెరగా కట్టొచ్చు. ఈ మాట ఎంత చెప్పినా ఒప్పుకోనివాళ్లు ఆ రెండు ఫొటోలు పక్కపక్కన చూస్తే ఒప్పుకుంటారు.

ఇప్పుడు డిజైన్లు చేసుకునే క్యాన్వా యాప్ తెరవండి. ఉచిత ఖాతా చాలు. Custom size నొక్కి వెడల్పు 1080, ఎత్తు 1920 ఇవ్వండి. అంటే ఫోన్ నిలువుగా పట్టుకుంటే నిండే బోర్డు. అడ్డంగా చేస్తే అమ్మమ్మ ఫోన్లో బొమ్మలు ఆవగింజంత కనిపిస్తాయి. Elements లో Grids అని వెతికి, ఆరు గళ్లున్న అమరిక ఒకటి తీసుకోండి. కిరీటం గుర్తున్నవి డబ్బు కట్టేవాళ్లకు, వాటి జోలికి వెళ్లొద్దు. ఆరు గళ్లలో నాలుగింట మన ఫొటోలు: గోడ, మెట్లు, గుడ్డ మీద బొమ్మ, ప్రధాన బొమ్మ. మిగతా రెండు గళ్లలో మాత్రమే పింటరెస్ట్‌లో దాచిన ఫొటోలు, ఒకటి వెనక తెరకు, ఒకటి దీపాలకు. ఈ లెక్క తప్పితే బోర్డు మళ్లీ ఎవరి కొలువో అయిపోతుంది. అడుగున మూడు రంగుల చతురస్రాలు పెట్టండి. ఒక చతురస్రం నొక్కి రంగు మార్చబోతే, మీ ఫొటోల్లోంచి తీసిన రంగులను క్యాన్వాయే Photo colors కింద చూపిస్తుంది. అందులోంచే ఎంచుకోండి. నాలుగో రంగు కావాలనిపిస్తే ముందున్న మూడింటిలో ఒకటి తీసెయ్యండి.

ఆ పేజీనే డూప్లికేట్ చేసి రెండో బోర్డు చేయండి. గోడ, మెట్లు, ప్రధాన బొమ్మ అలాగే ఉంటాయి. మారేవి మూడే: గుడ్డ, తెర, దీపాలు. మొదటి బోర్డులో ఆకుపచ్చ గుడ్డ, వెనక ఈతాకు చాప, బంతిపూలు, ఇత్తడి దీపాలు. రెండో బోర్డులో మీగడ రంగు గుడ్డ, లేత గులాబీ తెర, సీరియల్ లైట్లు. పై మెట్టు మీద దేవుళ్లు, కలశం రెండింటిలోనూ ఒక్కలాగే ఉంటాయి, వాటి మీద ఓటింగ్ ఉండదు. మెట్ల ముందు నేల మీద వేసే పార్కు పిల్లాడికి వదిలేశాం, అక్కడ చంద్రయాన్ దిగినా ఎవరికీ అభ్యంతరం లేదు. ఎవరి చోటు వాళ్లకు ముందే ఇచ్చేస్తే మిగిలిన దాని మీద పేచీ సగానికి తగ్గుతుంది.

బోర్డు మూలలో పెద్దగా 1, 2 అని రాసి, డౌన్‌లోడ్ చేసి, ఫ్యామిలీ గ్రూపులో HD గా పంపండి. మామూలుగా పంపితే వాట్సాప్ ఫొటోను కుదిస్తుంది, గుడ్డ నేత కనిపించదు. వెంటనే పోల్ పెట్టకండి. వాట్సాప్ పోల్‌లో ఎవరు దేనికి ఓటేశారో అందరికీ కనిపిస్తుంది. పెద్దాయన ఒకటి నొక్కగానే కోడళ్లు, పిల్లలు అదే నొక్కుతారు, లోపల మాత్రం అసంతృప్తి అలాగే ఉంటుంది. అందుకని ముందు ఒక్కొక్కరినీ విడిగా అడగండి: "ఈ రెండు బోర్డుల్లో కనిపించే వస్తువుల్లో ఒక్కటి తప్పకుండా ఉండాలంటే ఏది? ఒక్కటి తీసెయ్యాలంటే ఏది?" ఏది బాగుందని అడగొద్దు, రెండూ బాగున్నాయనే జవాబొస్తుంది. మన ఇంట్లో అమ్మమ్మ గులాబీ తెర తీసెయ్యమంది, లైట్ల గురించి ఏమీ అనలేదు. పెద్దమ్మాయి లైట్లు ఉండాలంది, తెర సంగతి పట్టించుకోలేదు. అంటే తెర దగ్గర గానీ, లైట్ల దగ్గర గానీ అసలు గొడవే లేదు. ఆకుపచ్చ గుడ్డ, చాప, బంతిపూలతో పాటు మెట్ల అంచుల వెంట సీరియల్ లైట్లు పెట్టి మూడో బోర్డు చేశాం.

అప్పుడు పోల్ పెట్టాలి. అందులో మొదటి బోర్డు, మూడో బోర్డు మాత్రమే ఉండాలి. Allow multiple answers ఆపేయాలి, లేకపోతే మొహమాటానికి రెండూ నొక్కేవాళ్లు ఉంటారు. సమానంగా వస్తే మెట్లు సర్దేవాళ్లు, రోజూ హారతిచ్చేవాళ్లు చెప్పిందే ఖాయం. శ్రమ వాళ్లది కాబట్టి మాట కూడా వాళ్లదే అవ్వాలని నేను గట్టిగా అంటాను. నెగ్గిన బోర్డును గ్రూపులో 30 రోజులకు పిన్ చేయండి. షాపులో నిలబడి "ఈ ఎర్ర శాటిన్ బాగుంది కదా" అని ఎవరైనా ఫోన్ చేస్తే, పిన్ చేసిన బోర్డు చూడమనండి.

మూడో పాఠానికి ముందు మీ రెండు బోర్డులూ పూర్తిచేసి, ఇంట్లో ప్రతి ఒక్కరి రెండు జవాబులూ ఒక కాగితం మీద రాసి ఉంచుకోండి. ఖాయమైన బోర్డు మీది ప్రతి వస్తువూ ఇంట్లో ఉన్నది, అడిగి తెచ్చుకునేది, కొనేది అని విడదీసి, గూగుల్ కీప్‌లో అందరూ టిక్ పెట్టగల జాబితాగా మార్చడం ఆ పాఠంలో చేద్దాం.