తెల్లారేసరికి రొయ్యలు పైకి తేలాయి, ఇలా సరిచేశా

భీమవరం దగ్గర ఎకరం చెరువులో వనామీ రొయ్య వేశా, 45వ రోజు తెల్లారుజామున 5 గంటలకి చూస్తే రొయ్యలన్నీ గట్టు పక్కన నీటి పైకొచ్చి తేలుతున్నాయి. రోగమేమో అని మందుల షాపుకి పరిగెత్తబోయా, పక్క చెరువు బాబాయ్ ఆపి ముందు ఆక్సిజన్ చూడరా అన్నాడు. చూస్తే 2.5 పీపీఎం, ఉండాల్సింది 4 పైన. రెండ్రోజులుగా మబ్బు, నీళ్లు ముదురు పచ్చగా ఉన్నాయి, కరెంటు బిల్లుకి భయపడి రాత్రి నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్ ఒక్కటే తిప్పా (నా పిసినారితనమే!).

వెంటనే నాలుగూ ఆన్ చేసి ఆ రోజు మేత ఆపేశా. అసలు తప్పు, రొయ్యలు మేత తిన్నాయో లేదో చూసే చెక్ ట్రేలో తెలిసింది, రెండు గంటలయ్యాక కూడా మేత మిగిలే ఉంది, అదే అడుగున కుళ్లి ఆక్సిజన్ తినేస్తోంది. మర్నాటి నుంచి మేత మూడో వంతు తగ్గించి, ట్రే ఖాళీ అయితేనే కొంచెం కొంచెం పెంచా. నాలుగో రోజు తెల్లారుజామున 4.5 చూపించింది.