ఇన్‌స్టాగ్రామ్‌లో లైక్, ఫాలో, కామెంట్ ఆగిపోతే: ఎందుకు, ఎన్నాళ్లు, ఏం చేయాలి

Follow నొక్కగానే బటన్ ఒక్క క్షణం Following అని మారి, వెంటనే మళ్లీ Follow అయిపోతుంది. లైక్ కొడితే ఎర్రబడిన గుండె మళ్లీ ఖాళీ అవుతుంది. తెర మీద "Try Again Later" లేదా "Action Blocked" అని చిన్న పెట్టె వస్తుంది. ఫీడ్ మాత్రం మామూలుగానే కదులుతుంటుంది. ఇవన్నీ కనిపిస్తే అది తాత్కాలిక బ్లాకే.

ముందు ఇది బ్లాకేనా అని చూడండి

ఫాలో మాత్రమే పడటం లేదంటే, మీరు ఫాలో అవుతున్నవాళ్లు 7,500 మందికి చేరారేమో చూడండి. అది శాశ్వత పరిమితి. ఎన్ని రోజులు ఆగినా పోదు, కొందరిని తీసేస్తేనే చోటు వస్తుంది. ఒక్క కామెంటే పడకపోతే అందులో ఐదుగురి కంటే ఎక్కువ మందిని ట్యాగ్ చేశారేమో చూడండి. అలాంటి కామెంటును ఇన్‌స్టాగ్రామ్ ఒప్పుకోదు. ట్యాగులు తగ్గించి రాస్తే పడిపోతుంది.

అదే ఫోన్‌లో, అదే వైఫైలో ఇంట్లోవాళ్ల అకౌంట్ మామూలుగా పనిచేస్తుంటే, బ్లాక్ మీ అకౌంట్ మీదే ఉందని దాదాపు చెప్పేయొచ్చు. యాప్ తీసేసి మళ్లీ వేసుకున్నా లాభం ఉండదు, ఎందుకంటే ఆ గుర్తు ఉండేది ఫోన్‌లో కాదు, సర్వర్‌లో.

ఎందుకు వేస్తారు

"గంటకు ఇన్ని లైకులు, రోజుకు ఇన్ని ఫాలోలు" అంటూ నెట్‌లో తిరిగే పట్టికలను నమ్మకండి. ఇన్‌స్టాగ్రామ్ ఆ అంకెలను బయటపెట్టదు. పైగా అందరికీ ఒకే హద్దు ఉండదు. ఏళ్ల నాటి అకౌంట్‌కు చెల్లేది మొన్న తెరిచిన అకౌంట్‌కు చెల్లదు. లెక్క ఒక్కటే కాదు, వేగం, ఒకే పని పదేపదే చేయడం కూడా చూస్తారు.

ఉదాహరణకు కొత్తగా చీరల పేజీ పెట్టి మూడు వారాలైందనుకుందాం. పెద్ద షాపు పేజీ తెరిచి, దాని ఫాలోయర్లను పైనుంచి కిందికి వరసగా అరగంటలో 150 మందిని ఫాలో అయ్యారు. మధ్యలో "కొత్త స్టాక్ వచ్చింది, మా పేజీ చూడండి" అనే కామెంటును పాతిక పోస్టుల కింద కాపీ చేసి పెట్టారు. చేసింది మనిషే అయినా, ఆ తీరు అచ్చం బాట్ తీరే. పైగా "ఫాలోయర్లు పెంచుతాం" అనే యాప్‌కు పాస్‌వర్డ్ ఇచ్చి ఉంటే, మీరు నిద్రపోతున్నా మీ పేరుతో లైకులు పడుతూనే ఉంటాయి. బ్లాక్ మళ్లీ మళ్లీ వచ్చేవాళ్లలో తరచూ కనిపించే కారణం ఇదే.

ఎన్నాళ్లు ఉంటుంది

కచ్చితమైన గడువు ఎక్కడా ప్రకటించలేదు. వాడేవాళ్ల అనుభవంలో మొదటిసారి పడిన బ్లాక్ కొన్ని గంటల నుంచి ఒకటి రెండు రోజుల్లో పోతుంది. కొద్ది రోజుల్లోనే మళ్లీ అదే పని చేస్తే వారం దాకా సాగుతుంది. బయటి యాప్ వెనక నడుస్తూనే ఉంటే రెండు వారాలు, అరుదుగా నెల కూడా పడుతుంది. ఒక్కోసారి పెట్టెలోనే గడువు తేదీ చూపిస్తారు. అలా కనిపిస్తే మిగతా లెక్కలన్నీ పక్కన పెట్టి దాన్నే పట్టించుకోండి.

ఏం చేయాలి

పెట్టెలో "Tell us" ఉంటే ఒక్కసారి నొక్కండి, చాలు. తర్వాత సెట్టింగ్స్‌లో Account Status తెరవండి. వాడలేని ఫీచర్లు ఏవైనా ఉంటే అక్కడ కనిపించొచ్చు. అక్కడ ఏమీ లేకపోయినా కంగారుపడొద్దు, చిన్న బ్లాకులు చాలాసార్లు అక్కడికి ఎక్కవు.

తర్వాత సెట్టింగ్స్‌లోనే Apps and websites తెరిచి, మీకు తెలియనివన్నీ తీసేయండి. అంతటితో ఆగొద్దు. పాస్‌వర్డ్ నేరుగా ఇచ్చిన యాప్‌లు ఆ జాబితాలో కనిపించవు, కాబట్టి పాస్‌వర్డ్ మార్చాల్సిందే. Accounts Centreలో Password and security కింద Where you're logged in చూసి, మీవి కాని ఫోన్లను లాగౌట్ చేయండి.

ఇక లైకులు, ఫాలోలు, కామెంట్లు 48 గంటలు పూర్తిగా మానేయండి. చాలామంది పొరపాటు చేసేది ఇక్కడే. పోయిందో లేదో చూద్దామని పది నిమిషాలకోసారి Follow నొక్కుతుంటారు. యంత్రం కూడా సరిగ్గా అలాగే నొక్కుతుంది కాబట్టి అది మీకే చేటు. రెండు రోజుల తర్వాత ఒక్క లైక్ కొట్టి, పేజీ రీఫ్రెష్ చేసి చూడండి. నిలిస్తే బ్లాక్ పోయినట్టే. నిలవకపోతే ఇంకో నాలుగైదు రోజులు ఆగండి. ఫాలో బ్లాక్, లైక్ బ్లాక్ వేర్వేరుగా పడొచ్చు, వేర్వేరుగా పోవచ్చు. కాబట్టి లైక్ నిలిచిందని అదే గంటలో ఫాలోలు మొదలుపెట్టొద్దు.

ఆ చీరల పేజీ విషయంలో, బ్లాక్ పోయాక మొదటి వారం కొత్తవాళ్లను ఫాలో కాకుండా, తమ పోస్టుల కింద ధర అడిగినవాళ్లకు ఒక్కొక్కరికీ వేరే మాటల్లో జవాబు రాసుకుంటూ పోవడం మేలు.