పాత కాగితాల స్కాన్ మరమ్మతు – 4వ పాఠం: అక్షరాల మీదుగా పోయే మడత గీత

గత పాఠంలో పేజీ వంకర సరిచేశాం. ఈసారి అదే కరపత్రంతో కొనసాగుదాం. కందుకూరు దగ్గర ఒక ఊరి తిరునాళ్ళలో బండలాగుడు పోటీల కోసం వేయించిన కాగితం అది. నాలుగు మడతలు పెట్టి దాచడంతో అడ్డ మడత సరిగ్గా "ఎద్దుల బండలాగుడు పోటీలు జరుగును" అనే వరుస తలల మీదుగా పోయింది.

మరమ్మతు మొదలుపెట్టే ముందు ఒక విషయం తేల్చుకోవాలి. మడత కింద సిరా ఉందా, రాలిపోయిందా? కంటికి రెండూ ఒకేలా కనిపిస్తాయి కానీ మందు వేరు. జింప్‌లో Color Picker తీసుకుని మూడు చోట్ల నొక్కి చూడండి. మన స్కాన్‌లో ఖాళీ కాగితం విలువ 225 దాకా, అక్షరం 45, మడత నీడ 170 వచ్చాయి. ఇక మడత, అక్షరం కలిసేచోట నొక్కండి. 60 లోపు వస్తే సిరా భద్రంగా ఉన్నట్టే, పైన నీడ మాత్రమే పడింది. 200 చూపిస్తే అక్కడ సిరా లేదు, కాగితం పొర లేచిపోయింది.

"ఎద్దుల బండలాగుడు" అన్నంత మేర మనకు నీడే. దీనికి బ్రష్ అక్కర్లేదు. లేయర్‌కు నకలు తీసి, Free Select తో మడత వెంట సన్నని పట్టీ గీసి, Select > Feather లో 2 పిక్సెళ్ళు ఇవ్వండి. తర్వాత Colors > Levels తెరిచి, కుడివైపు తెల్ల త్రికోణాన్ని 255 నుంచి 165 దగ్గరకు లాగండి. 170 ఉన్న నీడ తెల్లబడుతుంది, 45 ఉన్న సిరా నల్లగానే నిలుస్తుంది. కాకపోతే పట్టీ మరీ తెల్లగా తేలుతుంది. కాబట్టి కింద Output Levels లో 255 బదులు 225 పెట్టండి, చుట్టూ ఉన్న కాగితంతో కలిసిపోతుంది. ఈ పనికి చాలామంది Heal టూల్ వాడేస్తారు. ఖాళీ కాగితం మీద అది బాగానే పనిచేస్తుంది. అక్షరం అంచు తగిలిందంటే మాత్రం నలుపును చుట్టూ పులిమేస్తుంది. అక్షరాల దగ్గర దాన్ని ముట్టుకోకండి.

అసలు కష్టం "పోటీలు" దగ్గర. అక్కడ 200 వచ్చింది. "టీ" మీది గుడిదీర్ఘం కొస ఎగిరిపోయి "టి" లాగా మిగిలింది. మన లిపిలో ఈ తేడా అంతా అక్షరం నెత్తిన ఉండే చిన్న మెలికలోనే ఉంటుంది. అందుకే అడ్డ మడత తలల మీదుగా పోతే పదమే మారిపోతుంది. చేత్తో ఆ మెలిక గీయకండి, అచ్చు అక్షరం పక్కన అది వెంటనే పట్టుబడుతుంది. ఇదే కాగితంలో మరో "టీ" వెతకండి. కింద "ఉత్సవ కమిటీ" అని ఉంది, అదీ ఇదే సైజు అచ్చు. పైన శీర్షికలో పెద్ద "పోటీలు" ఉన్నా పనికిరాదు, దాన్ని కుదిస్తే గీతల లావు సరిపోదు.

"కమిటీ"లోని టీని ఎంపిక చేసి కాపీ కొట్టి, కొత్త లేయర్‌గా అతికించండి. లేయర్ మోడ్‌ను Darken only చేయండి. అప్పుడు దాని చుట్టూ ఉన్న కాగితం మాయమై సిరా మాత్రమే దిగుతుంది. Move టూల్ తీసుకుని, 200 శాతం జూమ్‌లో బాణం మీటలతో ఒక్కో పిక్సెల్ జరుపుతూ, చెడకుండా మిగిలిన కింది భాగం మీద కొత్తది కచ్చితంగా కూర్చునేలా చూడండి. కుదిరాక లేయర్‌కు మాస్క్ వేసి, పోయిన మెలిక తప్ప మిగతాదంతా నల్ల బ్రష్‌తో దాచేయండి. మొత్తం అక్షరం వదిలేస్తే ఒక్క పిక్సెల్ తేడాకే అది పక్క అక్షరాల కన్నా లావెక్కుతుంది. సరిగ్గా వచ్చిందా లేదా తెలియాలంటే లేయర్ పక్కన కన్ను గుర్తును ఆర్పి వెలిగించండి. మెలిక మాత్రమే వచ్చి పోవాలి. అక్షరం అదిరితే మళ్ళీ జరపాలి.

అదే మడత చివర బహుమతి మొత్తం ఉంది. ఒక అంకె పై సగం పూర్తిగా పోయింది, కింద గుండ్రటి వంపు మిగిలింది. అది 3 కావచ్చు, 5 కావచ్చు. "టీ"కి పదమే సాక్ష్యం చెప్పింది, ఈ అంకెకు చెప్పేవాళ్ళు లేరు. దాన్ని నింపకండి. మడత నీడ తీసేసి, ఖాళీని ఖాళీగానే వదలండి. పొలం దస్తావేజులు, పాసుపుస్తకాల స్కాన్ల మీదైతే ఈ పాఠంలోని ఏ పనీ చేయకూడదు, ఉన్నది ఉన్నట్టు ఉంచాలి.

పని అయ్యాక లేయర్లతో సహా XCF గా ఒకటి, చదువుకోవడానికి PNG గా ఒకటి దాచండి. మొదటి స్కాన్ ఫైల్ మీద సేవ్ కొట్టకండి.

వచ్చే పాఠంలో కాగితం రెండు ముక్కలుగా చిరిగి, వరుస పైకీ కిందకీ జరిగినప్పుడు ఏం చేయాలో చూద్దాం. ఈలోగా మీ దగ్గరున్న పాత శుభలేఖనో కరపత్రాన్నో 600 డీపీఐలో స్కాన్ చేసి, మడత మీద ఎక్కడ సిరా ఉందో, ఎక్కడ లేదో Color Picker తో గుర్తుపెట్టి ఉంచుకోండి.