బడి పిల్లలకు ముక్కు నుంచి తరచూ రక్తం కారుతుంటే: ఎక్కడ నొక్కాలి, ఎప్పుడు పరీక్షలు చేయించాలి

ఏప్రిల్ మొదటి వారంలో ఒకరోజు, ఖమ్మంలో ఒంటిపూట బడి వదిలిన కాసేపటికి, మూడో తరగతి చదివే బాబును వాళ్ళ అమ్మా నాయనమ్మా నా దగ్గరికి తీసుకొచ్చారు. చొక్కా ముందంతా రక్తపు మరకలు. బాబు తల వెనక్కి వాల్చి ఉన్నాడు, నుదుటి మీద తడిగుడ్డ, ముక్కులో దూది. నెలలో ఇది ఐదోసారట. "వేడి చేసిందమ్మా, ఎండలు అలా ఉన్నాయి" అంది నాయనమ్మ. "నెత్తురు తగ్గిపోతుందేమోనని టెన్షన్‌గా ఉంది మేడమ్" అంది తల్లి. నేను ముందుగా చేసిన పని బాబు తలను ముందుకు వంచడం. వంచగానే నోట్లోంచి రక్తపు గడ్డ ఒకటి పడింది. తల వెనక్కి వాల్చినందుకు కారింది కారినట్టే గొంతులోకి దిగుతోంది. బయటికి కనపడకపోవడంతో ఆగిపోయిందని ఇంట్లోవాళ్ళు అనుకున్నారు.

ఇప్పుడే కారుతోంది: ఏం చేయాలి

పిల్లను కుర్చీలో నిటారుగా కూర్చోబెట్టి తల కొంచెం ముందుకు వంచండి. పడుకోబెట్టకండి. ముక్కును బొటనవేలు, చూపుడువేలు మధ్య పట్టుకుని రెండు రంధ్రాలూ మూసుకుపోయేలా గట్టిగా నొక్కండి. ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. కళ్ళజోడు కూర్చునే చోట ఎముక ఉంటుంది. అక్కడ ఎంత నొక్కినా రక్తం ఆగదు. నొక్కాల్సింది దాని కింద, ముక్కు పుటాలు మెత్తగా ఉండే చోట. నోటితో గాలి పీల్చమని చెప్పండి. నోట్లోకి వచ్చిన రక్తాన్ని మింగనివ్వకుండా గిన్నెలో ఉమ్మించండి. మింగిన రక్తం కడుపును తిప్పుతుంది, కాసేపటికి కాఫీ రంగులో వాంతి అవుతుంది. అది చూసి కడుపులో ఏదో పగిలిందని భయపడి పరుగెత్తుకొచ్చినవాళ్ళు ఉన్నారు.

గడియారం చూసుకుని పూర్తిగా పది నిమిషాలు వేళ్ళు తీయకుండా నొక్కి ఉంచాలి. ఆగిందో లేదో అని ప్రతి నిమిషానికీ వదిలి చూస్తే అప్పుడే కట్టుకుంటున్న గడ్డ ఊడిపోతుంది, మళ్ళీ మొదటికి వస్తుంది. పది నిమిషాల తర్వాత కూడా కారుతుంటే ఇంకో పది నిమిషాలు అలాగే నొక్కండి. అప్పటికీ ఆగకపోతే నొక్కుతూనే ఆసుపత్రికి బయల్దేరాలి. ధారగా పోతున్నా, పిల్ల పాలిపోయి కళ్ళు తిరుగుతున్నాయన్నా, తలకు దెబ్బ తగిలాక మొదలైనా ఆ ఇరవై నిమిషాలు చూడకుండా వెంటనే వెళ్ళండి.

తడిగుడ్డ వేస్తే తప్పులేదు, కానీ ఆపేది ఆ నొక్కుడే. ఉల్లిపాయ వాసన చూపించడం, నడినెత్తిన నీళ్ళు కొట్టడం వల్ల విలువైన నిమిషాలు పోతాయి. దూది, టిష్యూ ముక్కులో కుక్కితే తీసేటప్పుడు గడ్డ కూడా దానితో ఊడి వస్తుంది. ఆగిన తర్వాత ఆ రోజంతా ముక్కు గట్టిగా చీదకూడదు, వేలు పెట్టకూడదు, ఆటలకు వెళ్ళకూడదు, పొగలు కక్కే పాలు, టీ తాగకూడదు.

తరచూ వస్తోంది, కానీ నొక్కితే కొద్ది నిమిషాల్లో ఆగిపోతోంది

మొదట చెప్పిన ఖమ్మం బాబుది ఇదే రకం. తల్లిని రెండు వారాలు ఒక కాగితం మీద రాయమన్నాను: తేదీ, ఏ వైపు, ఏం చేస్తుండగా మొదలైంది, నొక్కడం మొదలుపెట్టాక ఎన్ని నిమిషాలకు ఆగింది. వచ్చినవి నాలుగు సార్లు. నాలుగూ కుడివైపే. మూడు నిద్ర లేచిన కాసేపటికి, ఒకటి హోంవర్క్ చేస్తుండగా. అన్నీ పది నిమిషాలలోపే ఆగాయి. ఆ కాగితంతో సగం రోగనిర్ధారణ అయిపోయింది.

ముక్కు రంధ్రాల మధ్య ఉండే గోడకు ముందు భాగంలో, వేలి కొన అందేంత దూరంలో, సన్నని రక్తనాళాలు చాలా ఒకచోట కలుస్తాయి. దాన్ని లిటిల్స్ ఏరియా అంటారు. పిల్లల్లో ముక్కు రక్తం చాలావరకు అక్కడి నుంచే వస్తుంది. పొడిగాలికి అక్కడి పొర ఎండి పొక్కు కడుతుంది. పొక్కు దురద పెడుతుంది, పిల్లవాడు వేలు పెట్టి గిల్లుతాడు, రక్తం వస్తుంది. మానేటప్పుడు మళ్ళీ పొక్కు, మళ్ళీ దురద. వేడి చేసిందన్న నాయనమ్మ మాటలో కొంత నిజం ఉంది: ఎండకాలంలో పొడిగాలికి ముక్కు ఎండుతుంది. ఒంట్లో వేడి పెరిగి రక్తం పొంగడమనేది మాత్రం లేదు. బాబు పడుకునేది ఫ్యాన్‌కు సరిగ్గా కింద. టార్చి వేసి చూస్తే కుడివైపు గోడ మీద చిన్న పొక్కు, దాని చుట్టూ ఎర్రని గీతలు కనిపించాయి.

రక్తపరీక్షలేవీ రాయలేదు. సెలైన్ చుక్కలు రెండు వైపులా రెండేసి, రోజుకు మూడుసార్లు వేయమన్నాను. పొద్దునా, పడుకునే ముందూ పెట్రోలియం జెల్లీ కందిగింజంత తీసుకుని చిటికెనవేలి కొనతో ముక్కు రంధ్రం అంచున, మధ్య గోడ వైపు రాసి, బయటి నుంచి పుటాన్ని నెమ్మదిగా రుద్దమన్నాను. ఇయర్‌బడ్‌తో లోపలికి పొడవద్దు. గోళ్ళు పొట్టిగా కత్తిరించాలి, మంచం ఫ్యాన్ కింద నుంచి పక్కకు జరపాలి. ఇదంతా కనీసం రెండు వారాలు చేయాలి. వారానికి బాగుందని మానేస్తే పొర పూర్తిగా మానక మళ్ళీ పొక్కు కడుతుంది. మూడో వారం తర్వాత బాబుకు మళ్ళీ రాలేదు. పొక్కు చీము పట్టినట్టు ఉంటే డాక్టరు యాంటీబయాటిక్ ఆయింట్‌మెంట్ రాస్తారు. దాన్ని సొంతంగా కొని వాడకండి.

కొంతమంది పిల్లలు అరచేతితో ముక్కును కింది నుంచి పైకి రుద్దుకుంటూ ఉంటారు, పొద్దున్నే వరసగా తుమ్ముతారు. వాళ్ళకు ఎలర్జీ ఉంటుంది, దాన్ని తగ్గించకుండా రక్తం ఆగదు. ఎలర్జీకి రాసే స్ప్రే వాడాక రక్తం ఎక్కువైతే స్ప్రే కొట్టే తీరు చూడండి. గొట్టం మధ్య గోడకు తగులుతుంటే అక్కడే పుండు పడుతుంది. కుడి రంధ్రంలోకి ఎడమచేత్తో, ఎడమ రంధ్రంలోకి కుడిచేత్తో, మొన చెవి వైపు తిప్పి కొట్టాలి.

ఇవన్నీ మూడు నాలుగు వారాలు శ్రద్ధగా చేసినా తగ్గకపోతే ఈఎన్‌టీ డాక్టరు రక్తం వచ్చే చోటును సిల్వర్ నైట్రేట్‌తో కాలుస్తారు. మత్తుమందు పూసి చేస్తారు, కొద్ది సెకన్ల పని. ఒకేసారి రెండు వైపులా ఒకే చోట కాలిస్తే గోడకు రంధ్రం పడే ప్రమాదం ఉంది కాబట్టి ఒక వైపు మానాకే రెండో వైపు చేస్తారు.

ఒకే వైపు నుంచి, దుర్వాసనతో

చిన్న తరగతుల పిల్లల్లో ఇది కనిపిస్తే ముక్కులో ఏదో ఇరుక్కుందని అనుకోవాలి: పూస, బలపం ముక్క, రబ్బరు ముక్క, చింతగింజ. మీరు తీయబోతే ఇంకా లోపలికి పోతుంది. బొమ్మల్లో, రిమోట్‌లో ఉండే గుండ్రటి బటన్ బ్యాటరీ అని ఏమాత్రం అనుమానం ఉన్నా రేపటి దాకా ఆగకండి, అది కొన్ని గంటల్లోనే లోపలి గోడను కాల్చేస్తుంది.

పదేళ్ళు దాటిన మగపిల్లలకు ఒకే వైపు ముక్కు ఎప్పుడూ మూసుకుపోయి, అదే వైపు నుంచి ఎక్కువగా రక్తం పోతుంటే ఈఎన్‌టీ డాక్టరు లోపలి దాకా చూడాలి. ఆ వయసు అబ్బాయిల్లో ముక్కు వెనక రక్తనాళాల గడ్డ అరుదుగా వస్తుంది.

జ్వరంతో పాటు వస్తే

వానాకాలంలో జ్వరం వచ్చిన మూడు నాలుగు రోజులకు ముక్కు రక్తం వస్తే డెంగీ అని అనుమానించి ఆ రోజే ప్లేట్‌లెట్లతో సహా రక్తపరీక్ష చేయించాలి. జ్వరానికి పారాసెటమాల్ తప్ప ఇబుప్రొఫెన్, ఆస్పిరిన్ ఇవ్వకండి. జ్వరం వారాలుగా వస్తూ పోతూ, పిల్ల పాలిపోతూ, కాళ్ళ నొప్పులంటూ, ఒంటి మీద కమిలిన మచ్చలు కనిపిస్తుంటే కూడా ఆలస్యం చేయకుండా పరీక్ష చేయించాలి. రక్త కణాల జబ్బు కాదని తేల్చుకోవాలి. బీపీ వల్లనేమో అని చాలామంది అడుగుతారు. పిల్లల్లో అది చాలా అరుదు.

సరిగ్గా నొక్కినా ఆగదు, వేరే చోట్ల కూడా రక్తం

నన్ను ఎక్కువ ఆందోళన పెట్టేది ఇది, ఎందుకంటే ఏళ్ళ తరబడి ఎవరూ పట్టించుకోరు. నాలుగో తరగతి పాప ఒకతి వచ్చింది. నెలకు ఒక్కసారే ముక్కు రక్తం, కానీ వచ్చినప్పుడల్లా అరగంట పైనే. రెండు వైపుల నుంచీ. ఎన్నిసార్లు వచ్చిందన్న లెక్కలో చూస్తే బాబు కంటే పాపే నయం. అయితే పాలపన్ను ఊడినప్పుడు మర్నాటి దాకా రక్తం ఊరుతూనే ఉందట. దెబ్బ తగిలిన గుర్తు లేకుండా తొడ మీద, వీపు మీద రూపాయి బిళ్ళంత నల్లటి మచ్చలు ఉన్నాయి.

నేను తల్లి వైపు తిరిగి, ఆమె నెలసరి గురించి అడిగాను. పది రోజులు, గడ్డలు గడ్డలుగా పోతుందని చెప్పింది. మా అమ్మకూ అంతే, మా ఇంట్లో ఆడవాళ్ళ తత్వమే అది అంది. పుట్టుకతో వచ్చే రక్తస్రావ జబ్బుల్లో అన్నిటికన్నా ఎక్కువగా ఉండేది వాన్ విల్‌బ్రాండ్ జబ్బు. రక్తం గడ్డకట్టడానికి కావాల్సిన ఒక ప్రొటీన్ తక్కువగా ఉండటమో, సరిగా పనిచేయకపోవడమో దీనికి కారణం. తల్లిదండ్రుల్లో ఒకరి నుంచే పిల్లలకు రావచ్చు. మేనరికం సంబంధాలున్న కుటుంబాల్లో దీని తీవ్రమైన రకం, ప్లేట్‌లెట్ల సంఖ్య సరిపడా ఉన్నా అవి పనిచేయని గ్లాంజ్‌మన్ జబ్బు కూడా చూడాల్సి వస్తుంది.

పాపకు అంతకుముందే ఒకసారి పరీక్షలు చేశారు. ప్లేట్‌లెట్లు నార్మల్, గడ్డకట్టే సమయం చూసే పీటీ, ఏపీటీటీ కూడా నార్మల్. ఏమీ లేదని పంపేశారు. వాన్ విల్‌బ్రాండ్ జబ్బులో ఆ మూడూ నార్మల్‌గా రావచ్చు. వాన్ విల్‌బ్రాండ్ ఫ్యాక్టర్ ఎంత ఉంది, ఎలా పనిచేస్తోంది అని విడిగా పరీక్షించాలి. జ్వరం, జలుబు ఉన్నప్పుడు ఆ ప్రొటీన్ తాత్కాలికంగా పెరుగుతుంది కాబట్టి అనుమానం గట్టిగా ఉంటే తగ్గాక మళ్ళీ చేయాలి. పాపకు రెండోసారి పరీక్షలో బయటపడింది. హిమోగ్లోబిన్ 9 ఉంది. ఆ వయసుకు 11.5 కంటే తగ్గకూడదు. ఐరన్ మొదలుపెట్టాం. రక్తం వచ్చినప్పుడు వేసుకోవడానికి ట్రానెక్సమిక్ యాసిడ్ మాత్ర, బరువును బట్టి మోతాదు లెక్కగట్టి, రక్త వ్యాధుల డాక్టరు రాశారు. జబ్బు పేరు, వాడకూడని మందులు రాసిన కార్డు ఒకటి బడి సంచిలో, ఒకటి క్లాస్ టీచరు దగ్గర ఉంటాయి. పన్ను పీకాలన్నా, ఏ ఆపరేషన్ అయినా ముందు ఆ కార్డు చూపించాలి.

తర్వాతి నెల తల్లికీ అదే పరీక్ష చేయించాం. ఆమెకూ అదే ఉంది. పెళ్ళయిన నాటి నుంచి రక్తహీనతకు బలం మాత్రలు మింగుతూ వచ్చింది.