పర్మిషన్ దొరికింది, సాయంత్రం లోడు మాత్రం ఆగింది: ఎక్కడ తప్పుతుంది?

పలాసలో జీడిపప్పు వ్యాపారి దగ్గర లెక్కలు, బిల్లులు చూస్తాను. పప్పు గ్రేడులు కట్టి డబ్బాలు సీలు వేసేసరికి మధ్యాహ్నం దాటుతుంది, లారీ మూడున్నరకో నాలుగుకో వస్తుంది. పిల్లల స్కూల్లో డాన్సులు, బహుమతులు కూడా సరిగ్గా ఆ వేళకే పెడతారు. రెండేళ్లుగా ఆ వేళకి పర్మిషన్ తీసుకుని స్కూలుకి వెళ్లడంలో నాకు ఎదురైన ఇబ్బందులు, వాటికి దొరికిన దారులు ఇవి.

సమస్య: పర్మిషన్ అడిగితే "చూద్దాంలేమ్మా" అంటారు, అటో ఇటో తేల్చరు

కారణం చాలావరకు మనం అడిగే తీరులోనే ఉంటుంది. "శుక్రవారం కొంచెం ముందు వెళ్తానండీ" అంటే షావుకారు గారికి పూట సెలవులా వినిపిస్తుంది. "మరి లోడు సంగతేటమ్మా?" అన్న ప్రశ్న ఆయన మనసులో అలాగే ఉండిపోతుంది. దానికి జవాబు మన మాటల్లోనే ఉండాలి.

మూడు రోజుల ముందు, ఉదయం ఆర్డర్లు చూసుకునే వేళ అడగండి. లారీ వచ్చి నిలబడ్డాక అడగొద్దు. పోయిన నవంబరులో నేను ఇలా అడిగాను:

"షావుకారు గారూ, 14న పాప స్కూల్లో బాలల దినోత్సవం అండి. రెండుముప్పావుకి వెళ్లి ఐదుకి వచ్చేస్తాను. జీఎస్‌టీఆర్-1 11కే అయిపోతుంది, 3బీకి 20 దాకా టైముంది. హైదరాబాద్ లోడు బిల్లు, ఈ-వే బిల్లు మొదటి భాగం మధ్యాహ్నానికే చేసి పెడతాను. లారీ వచ్చాక నంబరు గోడౌన్ తమ్ముడు ఎక్కిస్తాడు."

ఆయన అడిగింది ఒక్కటే, "ఆ కుర్రాడికి వచ్చునా?" అని. అందుకే ముందు రోజు లోడుకి నంబరు అతనిచేతే ఎక్కించి, ఆయనకి చూపించాను.

సమస్య: లారీ రాలేదు కాబట్టి ఈ-వే బిల్లు చేయలేం, కదల్లేం

ఇక్కడే చాలామంది ఆగిపోతారు. సరుకు లారీలో పంపడానికి ఆన్‌లైన్‌లో తీసే ఈ-వే బిల్లులో రెండు భాగాలున్నాయి. Part-Aలో సరుకు, విలువ, ఇన్వాయిస్, కొన్నవారి వివరాలు. Part-Bలో బండి నంబరు. డబ్బాల లెక్క తేలి ఇన్వాయిస్ కొట్టగానే Part-A నింపేయవచ్చు. దానికో నంబరు వస్తుంది, 15 రోజుల్లోపు Part-B ఎక్కించుకోవచ్చు. బిల్లు గడువు Part-B మొదటిసారి ఎక్కించినప్పటి నుంచే లెక్క కాబట్టి మధ్యాహ్నమే చేసిపెట్టినా నష్టం లేదు. అయితే Part-A చీటీ ఒక్కదానితో లారీని గేటు దాటించకూడదు, అది ప్రయాణానికి చెల్లదు. ఈ మాట తమ్ముడికి రెండుసార్లు చెప్పాను.

సరుకు ట్రాన్స్‌పోర్టు ఆఫీసు ద్వారా వెళ్తుంటే ఇంకా సులువు. Part-Aలో వాళ్ల ట్రాన్స్‌పోర్టర్ ఐడీ వేస్తే, బండి నంబరు వాళ్లే తమ లాగిన్‌లోంచి ఎక్కించుకోగలరు.

సమస్య: కార్యక్రమం మధ్యలో ఫోను, "అక్కా, ఓటీపీ చెప్పు"

అంతకు ముందు ఏడు నాకు జరిగింది ఇదే. నా లాగిన్, పాస్‌వర్డ్ చీటీ మీద రాసిచ్చి వెళ్లాను. ఓటీపీ వచ్చేది నా ఫోనుకి. స్టేజీ పక్కన స్పీకర్ల హోరులో రింగు వినపడలేదు. లారీ ముప్పావుగంట నిలబడింది. పాప గుండ్రంగా తిరిగి నా వైపు చూసే సమయానికి నేను గేటు బయట నిలబడి అంకెలు చదువుతున్నాను. ఆ డాన్సు మళ్లీ చూడలేను కదా, ఇప్పటికీ బాధే.

తప్పు తమ్ముడిది కాదు. లాగిన్ నాది, ఫోను నా దగ్గర. పరిష్కారం సబ్ యూజర్. ఈ-వే బిల్లు పోర్టల్లో వ్యాపారి ప్రధాన లాగిన్ తెరిచి, User Management కింద సబ్ యూజర్‌ని చేసి, అతని సొంత ఫోను నంబరు ఇవ్వాలి. అప్పుడు ఓటీపీ అతనికే వెళ్తుంది. ఏయే పనులకు అనుమతి ఉండాలో అక్కడే ఎంచుకోవచ్చు. కావలసినవే ఇవ్వండి. ఇది షావుకారు గారిని అడిగి, ఆయన ముందే చేయండి. వెళ్లే రోజున కాదు, నాలుగు రోజుల ముందు, ఒకసారి లాగిన్ అయి చూసుకునే వ్యవధి ఉండేలా.

సమస్య: నంబరు తప్పు పడింది, లేదా వేరే లారీ వచ్చింది

బండి మారితే కంగారు లేదు, Part-Bలో కొత్త నంబరు ఎక్కించవచ్చు. విలువో, కొన్నవారి వివరమో తప్పయితే మాత్రం దిద్దడం కుదరదు. బిల్లు చేసిన 24 గంటల్లోపు రద్దు చేసి కొత్తది చేయాలి. అందుకే డబ్బాల లెక్క, ఇన్వాయిస్ మొత్తం వెళ్లేముందు నేనే గోడౌన్‌లో నిలబడి సరిచూసుకుంటాను. ఈ ఒక్క పని ఇంకొకరికి వదలను.

పోయిన నవంబరులో మూడు నలభైకి తమ్ముడి దగ్గర్నుంచి రెండు ఫొటోలు వచ్చాయి, లారీ నంబరు ప్లేటు ఒకటి, పూర్తయిన బిల్లు ఒకటి. రెండింటినీ అంకె అంకె పోల్చి "పంపేయ్ తమ్ముడూ" అని రాసి ఫోను సంచిలో పెట్టేశాను. పాప వాళ్ల బృందం అప్పుడే స్టేజీ ఎక్కుతోంది.