తొమ్మిది బుల్లెట్ల స్లైడ్‌ని ఒక్క మాటకి దించిన తీరు

పాత స్లైడ్‌లో పైన ‘డెలివరీ రిపోర్ట్’, కింద తొమ్మిది బుల్లెట్లు. పైనున్నది శీర్షిక కాదు, ఫైలు పేరు! ఒక్కో బుల్లెట్‌నీ ‘అయితే ఏంటి?’ అని అడుగుతూ పోతే ఆరు కూకట్‌పల్లి హబ్ దగ్గరే తేలాయి. దాంతో కొత్త శీర్షిక: ‘ఆలస్యమైన డెలివరీల్లో సగం కూకట్‌పల్లి హబ్ నుంచే వస్తున్నాయి’.

కింద ఒకటే అడ్డ బార్ చార్ట్. ఐదు హబ్‌లు, ఆలస్యాల్లో ఒక్కోదాని వాటా; పెద్ద బార్ పైన; కూకట్‌పల్లి నారింజ, మిగతావన్నీ బూడిద రంగు. గ్రిడ్ గీతలు, లెజెండ్ తీసేసి శాతాలు బార్ల చివరే రాశాను.

శీర్షికలో ‘సాయంత్రం బండ్లు చాలక’ అని కారణం కూడా చేర్చమన్నారు, స్లైడ్ అడిగినవాళ్లు. చేర్చలేదు. ఈ చార్ట్ హబ్‌లని చూపిస్తుంది, వేళల్ని కాదు. చూపించని మాట పైన రాస్తే మొదటి ప్రశ్న దాని మీదే పడుతుంది. కారణానికి గంటలవారీ చార్ట్‌తో ఇంకో స్లైడ్. మిగిలిన మూడు బుల్లెట్లూ స్పీకర్ నోట్స్‌లోకి వెళ్లాయి.