తోక రెసిస్టర్ తీసేశాక హమ్ పోయింది

తిరుపతిలో గంగమ్మ జాతర మైకుకి నేను కట్టిన యాంప్లిఫయర్‌లో మాటతోపాటు 50 హెర్ట్జ్ హమ్ వచ్చేది, ఎందుకంటే మైకు వైరు పొడవునా సీరియల్ లైట్ల వైర్లే.

ముందు దశ రెండు BC547 ట్రాన్సిస్టర్లతో డిఫరెన్షియల్ పెయిర్, మైకు రెండు వైర్లూ చెరో బేస్‌కి వెళ్తాయి. రెండు ఎమిటర్లూ కలిసి తోక రెసిస్టర్ అనే ఒకే 5.6 కిలోఓమ్ రెసిస్టర్ ద్వారా మైనస్ 12 వోల్టులకి వెళ్తాయి, అంటే మొత్తం 2 మిల్లీయాంపులు, చెరో ఒకటి. ఒక బేస్ కాస్త పైకెళ్తే ఆ ట్రాన్సిస్టర్ ఎక్కువ కరెంటు లాక్కుంటుంది, అంతే రెండోదానికి తగ్గుతుంది. మొత్తం మారదు, వాటా మారుతుంది. 5.6 కిలోఓమ్ కలెక్టర్ రెసిస్టర్‌తో తేడా సుమారు 112 రెట్లవుతుంది.

హమ్ మాత్రం రెండు బేస్‌లనీ ఒకేసారి ఎత్తుతుంది. పంచుకోవడానికి తేడా లేదు, కానీ ఎమిటర్లు పైకి లేచి తోక రెసిస్టర్‌లో కరెంటునే పెంచుతాయి, అది కలెక్టర్ దగ్గర సగం రెట్లు కనిపిస్తుంది. మైకు 1 మిల్లీవోల్టు, హమ్ 200 అనుకుంటే బయటికి 112 మాట, 100 హమ్!

రెసిస్టర్ స్థానంలో ఇంకో BC547 పెట్టాను: బేస్‌ని రెండు 1N4148 డయోడ్లు మైనస్ రైలు కంటే 1.4 వోల్టులు పైన నిలుపుతాయి, ఎమిటర్‌లో 330 ఓమ్‌లు. కరెంటు అదే 2 మిల్లీయాంపులు, కానీ ఎమిటర్లు ఎంత ఊగినా దాదాపు మారదు. ఈ తోక మెగాఓమ్ రెసిస్టర్‌లా ప్రవర్తిస్తుంది కాబట్టి లెక్కలో హమ్ ఒక మిల్లీవోల్టుకి లోపే.

పరీక్షకి రెండు ఇన్‌పుట్లూ కలిపేసి ఒకే సిగ్నల్ ఇచ్చి అవుట్‌పుట్ చూడండి. అక్కడ నిశ్శబ్దంగా ఉండి మైకు తగిలించగానే హమ్ వస్తే, రెండు వైర్ల దారుల్లో రెసిస్టెన్స్ సమానంగా లేదన్నమాట; అప్పుడు హమ్ నిజంగానే తేడాగా మారి వస్తోంది, దాన్ని ఏ తోకా ఆపలేదు.